నాలుగో పోర్టు

ఈశ్వరక్క ఏడవలేదు. మంగళవారం పొద్దున వెంకటరమణమూర్తి గారి గదిలో నిలబడి, చేతులకున్న పౌడరు గ్లవ్స్ ఒక్కొక్కటే తీసి జేబులో పెట్టుకుంది.

"నేను ఆ రక్తం ట్యూబు మిషను మీదకి ఒక్కసారే ఎక్కించినాను సార్. రెండోసారి ఎక్కించనేదు."

మూర్తి గారు మా ఆసుపత్రి అడ్మినిస్ట్రేటరు, ఈశ్వరక్క ల్యాబులో రక్తపరీక్షల మిషను నడుపుతుంది. ఆయనది తాతల కాలం నుంచి ఈ ఒడిశా బరంపురమే. తెలుగు నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు మాట్లాడతారు. కంప్యూటరు తెర ఆమెవైపు తిప్పారు.

"చూడమ్మా. సోమవారం ఎనిమిదీ ఐదుకి పదిహేడో నంబరు పేషెంటుకి పొటాషియం ఆరు పాయింటు నాలుగు అని వచ్చింది. ఎనిమిదీ నలభైకి అదే నంబరుకి మూడు పాయింటు సున్నా. రెండూ మీ మిషనే పంపింది. ఒకే మనిషి రక్తంలో ముప్పై అయిదు నిమిషాల్లో అంత తేడా రాదు. మొదట వేరే ఎవరి ట్యూబో పెట్టావు, తర్వాత తెలుసుకుని సరైనది పెట్టావు. పెట్టి ఊరుకున్నావు. విచారణ కమిటీ అనుకునేది ఇదీ."

"ఎనిమిదీ ఐదుకి నా మిషను ఇంకా కడుక్కుంటున్నాది సార్. అప్పుడు ట్యూబేటి ఎక్కించగలను?"

"మరి ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?"

అక్క వంగి తెర మీది ఆ అంకెని మళ్లీ చదివింది.

పదిహేడో నంబరు పేషెంటు పేరు శ్యామలాదేవి. పురుషోత్తంపూర్‌లో బడి పంతులమ్మ. నీరసంగా ఉందని ఆదివారం రాత్రి చేరింది, ఇదివరకే కిడ్నీ జబ్బు ఉంది. పొటాషియం ఆరు దాటితే గుండె ఆగే ప్రమాదం ఉంటుంది కనుక, సోమవారం పొద్దున వార్డు డాక్టరు ఆ అంకె చూసిన వెంటనే దాన్ని దించే మందు ఎక్కించాడు. ఆమెలో నిజంగా ఉన్నది మూడే, ఉండవలసిన దానికన్నా తక్కువ. ఉన్న కాస్తా దిగిపోయి, తొమ్మిది కాకుండానే ఆమె గుండె లయ తప్పింది. ఇప్పుడు ఐసీయూలో ఉంది. ఆమె భర్త ఢిల్లీశ్వరరావు గారు ఖల్లికోట రైల్వే స్టేషన్లో పనిచేసి రిటైరైన మనిషి. ఐసీయూ బయట బెంచీ మీద చెప్పులు విప్పి, కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంటారు. వచ్చే పోయే ప్రతి ఒక్కరికీ లేచి నమస్కారం పెడతారు.

నేను ఆ గదిలో ఉన్నది మా దుర్గాప్రసాద్ సార్ వెంట. ఆయన ఆసుపత్రి కంప్యూటర్లన్నిటికీ పెద్ద. నేను ఆయన కింద ఏడు నెలల నుంచి పనిచేస్తున్నాను. పేరు అంజలి. గిరిసోల నుంచి పొద్దున పాసింజరులో వచ్చి, సాయంత్రం పాసింజరులో పోతాను. ఈశ్వరక్క ఇచ్ఛాపురంలో ఎక్కుతుంది, నా కోసం కిటికీ దగ్గర సీటు ఆపుతుంది. ఏడు నెలల్లో ఒక్కరోజూ ఆపకుండా లేదు.

"సర్వరు కంపెనీ వాళ్లు, మిషను పంపిందే మేం రాసుకున్నాం అంటున్నారు," అన్నారు దుర్గాప్రసాద్ సార్. "మిషను కంపెనీ వాళ్లు, కొలిచిందే పంపినాం అంటున్నారు. మజ్జిలో తీగ మీద ఏటి నడుస్తున్నాదో ఎవడూ సూడలేదు."

నేను సాధారణంగా అడగందే మాట్లాడను. ఆ రోజు మాట్లాడాను.

"చూడొచ్చు సార్. మిషను పోర్టుకి మిర్రర్ పెడితే."

మూర్తి గారు నావైపు చూశారు. "అద్దమా?"

దుర్గాప్రసాద్ సార్ నవ్వారు. "సెప్పు, అమ్మడూ. నువ్వే సెప్పు."

నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. ల్యాబు వరండాలో గోడకి ఒక ఇనప పెట్టె ఉంది. అందులో కంప్యూటర్లని కలిపే స్విచ్ ఉంది, దానికి తీగలు గుచ్చే పోర్టులు ఇరవై నాలుగు. ల్యాబులో ప్రతి యంత్రం తీగా ఒక్కో పోర్టులోకి వస్తుంది. ఒక యంత్రం పంపిన మాటని స్విచ్ అందరికీ పంచిపెట్టదు, ఎవరి చిరునామా ఉంటే వాళ్ల పోర్టుకే ఇస్తుంది. అందుకే పక్క పోర్టులో కూర్చుని వినాలంటే ఏమీ వినపడదు. కానీ స్విచ్‌కి మనం చెప్పొచ్చు: ఫలానా పోర్టులో లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ ప్రతిదానికీ ఒక నకలు తీసి, ఇంకో పోర్టుకి పంపు అని. ఆ ఇంకో పోర్టులో ఒక ల్యాప్‌టాప్ పెడితే అది అన్నీ రాసి పెట్టుకుంటుంది. మిషనుకి గానీ సర్వరుకి గానీ ఏ తేడా తెలియదు.

"అంటే సాక్షి అన్నమాట," అన్నారు మూర్తి గారు.

"అవునండి."

"గురువారం సాయంత్రం కమిటీ, దానికి ముందు పదకొండుకి ఇక్కడ కలుద్దాం. అప్పటిదాకా ఈవిడ పనిలో ఉంటుంది. నీ సాక్షి ఏం చెబుతుందో చూద్దాం."

వరండాలోకి వచ్చాక ఈశ్వరక్క నా భుజం మీద చెయ్యి వేసింది. "పిల్లా, నువ్వు రెండు ముక్కలు మాటాడితే నాకు నోట మాట రానేదు. నీకు నోరున్నాదని మీ అమ్మకి తెలుసా?"

"తెల్దు అక్కా."

"నేను సెప్పనులే."

*

మిర్రర్ పెట్టడం నాకు అంతకు ముందటి ఆదివారమే కొత్తగా వచ్చింది. రిసెప్షన్ కంప్యూటరు తీగ కూడా ఆ వరండా స్విచ్‌లోకే వస్తుంది. అది నెమ్మదిగా ఉందని ఫిర్యాదు వస్తే, జనం తక్కువుండే ఆదివారం మధ్యాహ్నం దాని పోర్టు వినమని దుర్గాప్రసాద్ సార్ నాకు చీటీ రాసిచ్చి, తాను కిందికి వెళ్లారు. చీటీలో రెండే మాటలు: సోర్సు ఇంత, డెస్టినేషన్ ఇంత. సోర్సు అంటే వినవలసిన పోర్టు, డెస్టినేషన్ అంటే నకలు అందుకునే పోర్టు. పెట్టాను. నకలు రాలేదు. ల్యాప్‌టాప్ తెర మీద ఎవరో ఎవరినో పిలిచే కేకలు తప్ప రిసెప్షన్ మాట ఒక్కటీ లేదు. తీగ మార్చి చూశాను, మళ్లీ మార్చి చూశాను. సార్ పైకి వచ్చి చీటీ చూసి పగలబడి నవ్వారు. ఆయన రాసింది ఎనిమిది, నేను పెట్టింది నాలుగు.

ఆయన ఎనిమిది రాస్తే పైసున్నా మూయరు. కింద ఒక చుట్టు, పైన రెండు చేతులు చాచినట్టు వదిలేస్తారు. మా ఊరి బడిలో మాస్టారు తెలుగు అంకెలు రాయించేవారు. బస్సుల మీదా మైలురాళ్ల మీదా ఒడియా అంకెలు చూస్తూ పెరిగాను. రెండింటిలోనూ నాలుగు అలాగే ఉంటుంది, కింద చుట్టు, పైన తెరిచిన చేతులు. నా కంటికి అది నాలుగే.

"బీటెక్కులు సదివినోలకి ఇంగిలీసు అంకె రాదు సూడు," అన్నారు సార్. సరిచేశాం. నకలు వచ్చింది. ఆ మాట అక్కడితో అయిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం పెట్టె తెరిచి, ల్యాబు మిషను తీగని వేలితో పట్టుకుని స్విచ్ దాకా వచ్చాను. అది నాలుగో పోర్టులోకి వెళ్లింది.

అప్పుడే నాకు తట్టాల్సింది. ఒక్క క్షణం ఏదో గుచ్చుకుంది కూడా. కానీ తప్పు జరిగింది సోమవారం పొద్దున. ఆదివారం నాలుగున్నరకల్లా నాలుగో పోర్టు మామూలుగా ఉంది. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని నా బుర్రకి రాలేదు.

సోర్సు నాలుగు, రెండు దిక్కులా. డెస్టినేషన్ ఎనిమిది. కరెంటు పోయి వచ్చినా చెరిగిపోకుండా స్విచ్‌లో సేవ్ చేశాను. ల్యాప్‌టాప్‌ని పెట్టె కింద స్టూలు మీద పెట్టాను. నకలు అందుకునే పోర్టు ఇక సొంతంగా మాట్లాడదు, వినడమే. అందుకని ఆ ల్యాప్‌టాప్‌లో మెయిలు లేదు, ఇంటర్నెట్టు లేదు. నా నోటుపుస్తకంలో టైము రాసుకున్నాను. పని మొదలెట్టిన టైమూ ముగించిన టైమూ రాసుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు.

మిషను ట్యూబు మీది గీతలు చదివి సర్వరుని అడుగుతుంది: ఈ నంబరుకి ఏ పరీక్షలు? సర్వరు చెబుతుంది. మిషను పరీక్ష చేసి ఫలితం పంపుతుంది. నంబరు, పరీక్ష పేరు, విలువ, పరీక్ష చేసిన తేదీ, టైము. అన్నీ మామూలు అక్షరాల్లో, మధ్యలో నిలువు గీతలతో. తాళం ఏమీ లేదు. ఎవరి రక్తంలో ఏముందో నా తెర మీద వరసగా పోతూ ఉంటే, ఇతరుల ఉత్తరాలు చదువుతున్నట్టు సిగ్గేసింది. గాజు తలుపు అవతల ఈశ్వరక్క మిషను తెర మీది అంకె చదివి వేళ్లతో చూపిస్తుంది. నేను ఇక్కడ సరిపోల్చుకుంటాను. మంగళవారం తొంభై ఎనిమిది ట్యూబులు, అన్నీ సరిపోయాయి.

సాయంత్రం దుర్గాప్రసాద్ సార్ వచ్చి చూశారు. "తీగ మంచిదే. ఇలగే ఉంటే మీ అక్కకి ఇంకా కష్టం, అమ్మడూ. తీగ తప్పు కాదు, సర్వరు తప్పు కాదు అంటే మిగిలిందేటి?"

నా సాక్షి నేను అనుకున్నవైపు మాట్లాడటం లేదు.

బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకి కరెంటు పోయింది. జనరేటరు అందుకుంది గానీ, వరండా పెట్టెలోని బ్యాటరీ చచ్చిపోయి ఉండటంతో స్విచ్ ఆరిపోయి, పన్నెండు నిమిషాలకి మళ్లీ లేచింది. ల్యాబు మిషనుకి సొంత బ్యాటరీ ఉంది కనుక అది ఆగలేదు. అప్పుడు దాని మీద మూడు ట్యూబులున్నాయి. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఫలితాలు సర్వరుకి పోలేదు. ఈశ్వరక్క వాటిని మిషను తెర మీద చూసి, కంప్యూటరులో చేత్తో కొట్టింది. రాకపోతే చేత్తో కొట్టడం ల్యాబులో ఎప్పుడూ ఉన్నదే, దాన్ని ఎవరూ వింతగా చూడరు.

నేను చూస్తూనే ఉన్నాను. స్విచ్ తిరిగి లేచాక ఆ మూడూ వస్తాయేమో అని కాచుకున్నాను. రాలేదు. ఇరవై ఐదు వచ్చింది, ఇరవై ఆరు వచ్చింది. ఆ మూడూ ఎక్కడికి పోయాయి అని పుస్తకంలో రాసుకుని, పక్కన ప్రశ్నగుర్తు పెట్టాను.

*

గురువారం ఏడున్నరకే స్టూలు పక్కన కూర్చున్నాను. ఎనిమిదీ నాలుగుకి ఈశ్వరక్క మిషను ఆన్ చేసింది. అది గొట్టాలు కడుక్కోవడం మొదలెట్టింది. ఒక్క ట్యూబూ ఎక్కించలేదు. నేను గాజులోంచి చూస్తున్నాను, ట్యూబులు పెట్టే పళ్లెం ఖాళీ.

నా తెర మీద మూడు ఫలితాలు వచ్చాయి.

ఇరవై రెండు. ఇరవై మూడు. ఇరవై నాలుగు.

మొదట నాకు అర్థం కాలేదు. ఖాళీ మిషను ఎవరి రక్తం గురించి మాట్లాడుతోంది? ఆ వరస విప్పి ఒక్కొక్క గడీ చదివాను. చివరి గడిలో పరీక్ష చేసిన తేదీ ఉంది. నిన్నటిది. ఎనిమిదీ ముప్పై మూడు.

మిషను మూడుసార్లు పంపి చూసి, సర్వరు పలకకపోతే ఆ ఫలితాన్ని పక్కన పెట్టుకుంటుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు, పక్కన పెట్టుకున్నవి మొదట పంపేస్తుంది. అది తన పని తాను చేస్తోంది.

కానీ మా ల్యాబులో ప్రతి పొద్దునా నంబర్లు ఒకటి నుంచి మొదలవుతాయి. ఎన్నో ఏళ్ల కిందట, రోజుకి ఎన్ని ట్యూబులొచ్చాయో వెంటనే తెలియాలని ఎవరో పెట్టిన పద్ధతి. మిషను ఇరవై రెండు అంటే నిన్నటి ఇరవై రెండు. సర్వరుకి ఇరవై రెండు అంటే ఇవాళ్టి ఇరవై రెండు. సర్వరు ఆ తేదీ గడి చూడదు. రిసెప్షన్లో పొద్దున ఏడు నుంచీ పేర్లు రాస్తున్నారు, ఇరవై రెండు దాటిపోయి ఉంటుంది.

తెర మీద కింది వరసలో సర్వరు జవాబు కూడా వచ్చింది. మూడింటికీ, అందాయి అని.

లేచి తలుపు తోశాను.

"అక్కా, ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. రిపోర్టులు ఆపించు."

"ఏటే? అవింకా సూదేసి రక్తం తీయనేదు."

"వార్డుకి ఫోన్ చెయ్యక్కా. ముందు ఫోన్ చెయ్యి."

ఆమె నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. ఫోన్ తీసి ఒడియాలో గట్టిగా, ఒక్కొక్క నంబరూ రెండుసార్లు చెప్పింది. పెట్టేశాక కంప్యూటరు తెరిచింది. ఇరవై రెండో నంబరు ఒక అయిదేళ్ల పాప. రక్తం తీయకముందే ఆమె పేరు మీద పొటాషియం, సోడియం, క్రియాటినిన్ వచ్చి కూర్చున్నాయి.

ఈశ్వరక్క ఆ అంకెల మీద వేలు పెట్టింది.

"సోమారం ఇలగే," అంది. "శ్యామలాదేవి గారికి ఇలగే అయినాది. నేను కాదు."

"నువ్వు కాదక్కా."

ఆమె స్టూలు మీద కూలబడి, చేతి వెనక భాగంతో మూతి తుడుచుకుంది. "ఇంటికాడ మా ఆయనకి సెప్పనేదు. ఎలగ సెప్పడం అని సూస్తన్నాను."

"ఆదివారం ఏదైనా చేత్తో కొట్టావా అక్కా?"

"కొట్టినాను. ఒకటే. మద్దేన్నం కేజువాలిటీ నుంచి ఒక ముసలాయన ట్యూబు వచ్చినాది. ఆదివారం కదా, ఆ పూట మిషను మీదకెక్కింది అదొక్కటే. పంపితే పోనేదు. నంబరు..." ఆమె ఆగింది. "పదిహేడు. పొటాషియం ఆరు పాయింటు నాలుగు. నేనే కొట్టినాను నా సేత్తో. ఆయనకి కిడ్నీలు పోయినాయి, ఆ అంకె ఆయనదే."

"ఎన్నింటికి?"

ఆమె కంప్యూటరులో వెతికింది. "మూడూ యాభై ఐదు."

నేను వరండాలోకి వచ్చాను. స్టూలు మీద నా నోటుపుస్తకం ఉంది. ఆదివారం పేజీ తీశాను. నా అక్షరాలు గుండ్రంగా, నీటుగా ఉంటాయి, మాస్టారు ఎప్పుడూ మెచ్చుకునేవారు.

3.40 – సోర్సు 12, డెస్టినేషన్ 4. నకలు లేదు.
4.20 – సార్ వచ్చారు. 4 కాదు, 8. సరిచేశాను.

నకలు అందుకునే పోర్టు ఇక సొంతంగా మాట్లాడదు. మంగళవారం మూర్తి గారికి చెప్పకుండా వదిలేసిన ముక్క అదొక్కటే. ఆ నలభై నిమిషాలూ ల్యాబు మిషను తీగ గుచ్చే ఉంది. మిషను అరుస్తూనే ఉంది. స్విచ్ దాని మాట సర్వరుకి తీసుకెళ్లలేదు, నేను వద్దన్నాను కనుక. దాని బదులు రిసెప్షన్ మాటలన్నీ దాని చెవిలో పోసింది. అవి తనవి కావని అది పట్టించుకోలేదు. మూడుసార్లు పిలిచి, పదిహేడుని పక్కన పెట్టుకుని, సోమవారం పొద్దుటిదాకా దాచుకుంది.

ఆ రెండు వరసలూ మళ్లీ మళ్లీ చదివాను. నా దస్తూరీలా అనిపించలేదు. ఐసీయూ వైపు నుంచి ఎవరో ట్రాలీ తోసుకుంటూ నా పక్కనుంచి వెళ్లారు, నేను జరగలేదు. వాళ్లే చుట్టూ తిప్పుకుని వెళ్లారు.

*

పదింబావుకి దుర్గాప్రసాద్ సార్‌కి చెప్పాను. నిలబడి విన్నారు. తర్వాత కూర్చున్నారు. ఆయన టేబులు మీద ఆదివారం నాటి చీటీ ఇంకా ఉంది, టీ గ్లాసు కింద. నేనూ చూశాను, ఆయనా చూశారు.

"మిషను పాత ఫలితాలు పంపుతున్నాదని సెప్దాం. తేదీ గడి సూపిద్దాం. నంబర్లు మార్పిద్దాం. మీ అక్క బయటపడిపోద్ది. ఇక్కడిదాకా సాలదా?"

"ఆదివారం ఎందుకు ఆగిందని అడిగితే?"

"కరెంటు అందాం."

"జనరేటరు పుస్తకం ఉంటుంది సార్."

ఆయన నుదురు రుద్దుకున్నారు. "నిన్న స్విచ్ ఆరిపోయినప్పుడు అది రాసుకున్న లాగ్ అంతా ఎలిపోయినాది. ఆదివారం ఎవరేం పెట్టినారో సెప్పడానికి ఇప్పుడు ఏ మిషనూ నేదు. నీ పుస్తకం ఒకటే. అది నీ బేగులో ఉన్నాది." టీ గ్లాసు పక్కకి జరిపి, "ఆ చీటీ నాది. నిన్ను ఒక్కదాన్నే ఒగ్గీసి కిందికెల్లింది నేను. నీ గురించే కాదు, నా గురించీ సెప్తన్నాను. నాకిద్దరు ఆడపిల్లలు, అమ్మడూ," అన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. నేను తల ఊపానో లేదో నాకే గుర్తు లేదు.

పదకొండుకి మూర్తి గారి గదిలో కూర్చున్నాం. మూర్తి గారు, ఈశ్వరక్క, సార్, నేను. నేను ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. ఖాళీ పళ్లెం, మూడు ఫలితాలు, నిన్నటి తేదీ. మూర్తి గారు కళ్లజోడు పైకి నెట్టుకుని ఒక్కొక్క గడీ చదివించుకున్నారు. పాప గురించి విన్నప్పుడు పెన్ను కింద పెట్టేశారు.

"ఇన్నేళ్లుగా ఇలా..." అని ఆపేశారు. వెంటనే ఫోన్ చేసి, ఇవాళ్టి నుంచి నంబరు ముందు తేదీ కలపమని చెప్పారు.

తర్వాత ఆదివారం సంగతి అడిగారు. ఈశ్వరక్క పదిహేడుని చేత్తో కొట్టానని చెప్పింది. ఆయన జనరేటరు పుస్తకం తెప్పించారు. వేలు పెట్టి వరసలు దిగారు.

"ఆదివారం కరెంటు పోలేదు. నిన్నటిది కరెంటు వల్ల, ఒప్పుకుంటాను. ఆదివారం తీగ ఎందుకు ఆగింది? ఆగిందని ఈవిడ మాటే తప్ప సాక్ష్యం లేదు. ఒకటి చెబుతాను, ఏమీ అనుకోకమ్మా ఈశ్వరీ. కమిటీలో డాక్టర్లున్నారు. వాళ్లు ఏమంటారంటే, నిన్న జరిగింది చూసి ఆదివారానికి కథ అల్లుకున్నారంటారు. చేత్తో కొట్టిన అంకె ఎవరైనా ఎప్పుడైనా..."

"టైము ఉన్నాది కదా సార్ కంప్యూటర్లో. మూడూ యాభై ఐదు."

"చేత్తో ఎందుకు కొట్టావన్నదే ప్రశ్న. మిషను పంపలేకపోయిందా, నువ్వు పంపనివ్వలేదా?"

ఈశ్వరక్క నావైపు తిరిగింది. "సెప్పు పిల్లా. నీకు తెలుస్తాది కదా. తీగ ఎందుకు ఆగినాది?"

ఆమె నన్ను అనుమానించి అడగలేదు. నేనేదో కనిపెడతానని అడిగింది.

దుర్గాప్రసాద్ సార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

సంచిలోంచి పుస్తకం తీసి, ఆదివారం పేజీ తెరిచి మూర్తి గారి ముందు పెట్టాను.

"తీగని నేను ఆపాను సార్. మూడూ నలభై నుంచి నాలుగూ ఇరవై దాకా. మిర్రర్ పెడుతూ, నకలు అందుకునే పోర్టుగా ఎనిమిది పెట్టాల్సిన చోట నాలుగు పెట్టాను. నాలుగు ల్యాబు మిషనుది. నకలు అందుకునే పోర్టు మామూలు మాట మోయదు. ఆ నలభై నిమిషాల్లోనే పదిహేడు ఆగిపోయింది."

మూర్తి గారు పేజీ చదివారు. తల ఎత్తి నన్ను చూశారు, మళ్లీ పేజీ చదివారు.

"మంగళవారం ఇదే గదిలో నువ్వే కదమ్మా అన్నావు, మిషనుకి ఏ తేడా తెలియదని."

"అన్నాను సార్. నకలు తీసే పోర్టుకి తెలియదు. అందుకునే పోర్టుకి తెలుస్తుంది. అది నాకు తెలుసు. అయినా రెండూ కలిపి ఆలోచించలేదు."

దుర్గాప్రసాద్ సార్ లేచారు. వెళ్లిపోతారనుకున్నాను. చొక్కా జేబులోంచి మడత పెట్టిన చీటీ తీసి బల్ల మీద వేశారు. టీ గ్లాసు చేసిన గుండ్రటి మరక దాని మీద ఇంకా ఉంది.

"నేను రాసిచ్చినాను సార్. కొత్తపిల్లని ఒక్కదాన్నే వదిలీసి ఎల్లినాను. నాలుగులో ఏటున్నాదో సెప్పనేదు."

మూర్తి గారు చీటీ విప్పి చూశారు. తర్వాత దాన్ని బల్ల మీద ఈశ్వరక్క వైపు జరిపారు.

"రెండో అంకె చదువమ్మా."

ఆమె చీటీ అందుకోలేదు, వంగి చూసింది.

"నాలుగు," అంది.

సార్ కళ్లు మూసుకున్నారు. మూర్తి గారు, "నాకూ అలాగే కనిపించింది," అన్నారు. "ఈ ఊళ్లో ఎవరికైనా అలాగే కనిపిస్తుంది."

ఆ మాట నాకు ఊరట అవ్వాల్సింది. అవలేదు. అంకె ఎవరికి ఎలా కనిపించినా, నకలు రాని నలభై నిమిషాలూ ఈ నాలుగులో ఎవరున్నారని నేను ఒక్కసారీ అడగలేదు. నా తీగ బాగుందా లేదా అనే చూసుకున్నాను.

మూర్తి గారు తెల్లకాగితం నా ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు రాయమన్నారు. సార్‌కి ఇంకో కాగితం ఇచ్చారు. కమిటీ తేల్చేదాకా మేమిద్దరం స్విచ్ పెట్టె తాళాలు ఇచ్చేయాలన్నారు. "ఈశ్వరీ, నువ్వు పనిలోకి వెళ్లు. నీ మీద రాసింది నేను కొట్టేస్తాను," అన్నారు.

ఈశ్వరక్క లేవలేదు. నేను రాస్తుంటే నా పెన్ను వైపే చూస్తూ కూర్చుంది. నేను సంతకం పెట్టాక గ్లవ్స్ జేబులోంచి తీసి, వేసుకోకుండా చేతిలో పట్టుకుంది.

"మూడు రోజులు," అంది. "మూడు రోజులు నా పక్కన కూకున్నావు రైల్లో."

"నాకు తెల్దక్కా. ఇవాళే తెలిసింది."

"తెల్దని తెలుసు." లేచింది. తలుపు దగ్గర ఆగింది. "ఐసీయూ కాడ ఆ ముసలాయన అడుగుతున్నాడు, మా ఆవిడకి ఏటి సేసినారు అని. ఎవరూ సెప్పటం నేదు. నన్ను సూసి కూడా నమస్కారం పెడతన్నాడు."

మూర్తి గారు, ఆసుపత్రి తరఫున తానే చెబుతానన్నారు. నేను కూడా వస్తానన్నాను. ఆయన వద్దనలేదు.

ఐసీయూ బయట ఢిల్లీశ్వరరావు గారు బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకుని ఉన్నారు. మమ్మల్ని చూసి కాళ్లు దించి, చెప్పుల కోసం వెతుక్కున్నారు. ఒక చెప్పు బెంచీ కిందికి పోయింది. నేను వంగి తీసి ఆయన పాదం దగ్గర పెట్టాను. ఆయన కంగారుపడి, "వద్దమ్మా, వద్దు," అంటూ రెండు చేతులూ జోడించారు.

ఆ చేతులు కిందికి దిగేదాకా ఆగి, నేను నా పేరు చెప్పాను.